ఇరవై గుంటల ఆట

మా ముత్తాత దేశ్‌ముఖ్. జనగామ చుట్టూ పదకొండు ఊళ్ల శిస్తు ఆయన చేతి మీదుగా పోయేది. ఆయన కచేరీలో కూర్చున్నంతసేపు ఎదుటివాళ్లు నిలబడే ఉండేవారట. మా తాత కాలానికి ఊళ్లు తగ్గినా గుర్రాలు తగ్గలేదు. టేకుమట్ల దాకా చెదురుమదురుగా ఉన్న పొలాలు చూసి రావడానికి ఆయన ఎప్పుడూ బండి ఎక్కలేదు, గుర్రం మీదే పోయేవాడు. మా బాపు పటేల్. ఆయన నాటికి మిగిలినవి కోటలాంటి మా పాత ఇల్లు గడి, ఒక ముసలి గుర్రం, దాన్ని మేపే బయలు. చిన్నప్పుడు బాపు నన్ను గోడకు ఆనించి నిలబెట్టేవాడు. తల, భుజాలు, మడమలు మూడూ గోడకు తగిలేదాకా కదలనిచ్చేవాడు కాదు. "మనం వంగొద్దు బిడ్డా" అనేవాడు. ఇప్పుడు నాకు అరవై ఒకటి. వీపు అప్పటిలాగే నిటారుగా ఉంది. మిగతావేవీ అప్పటిలా లేవు.

గడి కూలిపోయాక నాకూ తమ్ముడికీ ఉమ్మడిగా మిగిలింది ఆ గుర్రాల బయలే. జనగామ ఊరి చివర, రోడ్డు పక్కన, సరిగ్గా రెండెకరాలు. నేను బడిలో వ్యాయామం మాస్టరుగా పనిచేస్తున్న రోజుల్లోనే ఆ బయలును చదును చేయించి ఫుట్‌బాల్ గ్రౌండు చేశాను. గడి కప్పుకు వాడిన టేకు దూలాలు చెదలు పట్టకుండా నాలుగు మిగిలితే, వాటితో రెండు వైపులా గోలు స్తంభాలు పాతించాను. అడ్డకర్రలకు మాత్రం ఇనుప పైపులు వేయించాల్సి వచ్చింది. ఇలాంటి గోలు స్తంభాలు ఈ మూడు జిల్లాల్లో ఎక్కడా లేవని నా నమ్మకం.

తమ్ముడు భూపాలపల్లిలో ఉంటాడు. అక్కడ సిమెంటు, ఇనుము దుకాణం. ఏటా ఒకసారి ఫోన్ చేసి అదే మాట అడిగేవాడు.

"అన్నా, బయలు అమ్ముదామా?"

"పిల్లలు ఆడుకుంటున్నరు తమ్మీ."

"అంత జాగ గావాల్నా పిల్లలకు?"

"ఫుట్‌బాల్ అంటే కబడ్డీ అనుకున్నవా? రెండెకరాలు గావాలె. ఒక్క గుంట తగ్గినా గ్రౌండు గాదు."

వాడికి ఆట తెలియదు. నాకు తెలుసు. ఆ ధైర్యంతోనే ఇన్నేళ్లూ ఆ నేలను కాపాడుకుంటూ వచ్చాను. పిల్లల కోసం కాపాడానని అందరితో చెప్పేవాణ్ని. నిజానికి ఆ బయలు నడిమధ్యన నిలబడి ఈల ఊదినప్పుడు నలువైపులా అందరూ ఆగిపోవడం నాకు కావాలి. అలా ఆగే చోటు మా వంశానికి అదొక్కటే మిగిలింది.

పన్నెండేళ్ల లోపు పిల్లలు పద్నాలుగు మంది నా దగ్గరికి వచ్చేవారు. ఆదివారాలూ సెలవు రోజులూ పొద్దున ఆరింటికి మొదలు. డ్రిబ్లింగ్, అంటే బంతిని కాలి దగ్గరే ఉంచుకుని నడుపుతూ ఎదుటివాణ్ని దాటడం, నేర్పించడానికి నాకొక పద్ధతి ఉండేది. ఎనిమిది కోన్‌లను తాడు పట్టి సూటిగా పెట్టేవాణ్ని. పిల్లలు వరుసగా నిలబడేవారు. ఒకరు బంతితో కోన్‌ల మధ్య మెలికలు తిరుగుతూ పోయి రావాలి, మిగతావాళ్లు చూడాలి. తప్పు చేస్తే ఈల. ఈల వినగానే అందరూ చేతులు వెనక్కి కట్టుకుని నా వైపు తిరగాలి. తప్పేమిటో నేను చెప్పేవాణ్ని. ఆ తర్వాతే మళ్లీ ఆట. నా వరుస ఎంత తిన్నగా ఉండేదంటే, రోడ్డు మీద పోయే బస్సుల్లోంచి జనం తలలు తిప్పి చూసేవారు.

రెండేళ్ల కిందట ఆ అమ్మాయి వచ్చింది.

మహబూబాబాద్ దగ్గరి తండా పిల్ల. ఇరవై ఆరేళ్లుంటాయేమో. ఇక్కడి సర్కారు బడిలో కొత్తగా వ్యాయామం టీచరుగా చేరింది. ఫుట్‌బాల్ కోచింగులో ఏదో పరీక్ష కూడా పాసైందట. ఒక సాయంత్రం మా ఇంటి గుమ్మం ముందు నిలబడి నమస్కారం పెట్టింది.

"సార్, మా బడికి గ్రౌండు లేదు. పది మంది పిల్లలున్నరు. మీ బయల్ల ఒక మూల జర మాకియ్యుండ్రి."

"ఎంత గావాలె?"

"గా రైలుకట్ట దిక్కు మూల సాలు సార్. ఇర్వై గుంటలైతే ఎక్కువే."

నేను నవ్వాను. ఇరవై గుంటలంటే అర ఎకరం. దాంట్లో ఫుట్‌బాల్! ఇస్తే పోయేదేముందనుకున్నాను. గరుకు నేల, అక్కడక్కడా రాళ్లు. నా పిల్లలు బంతి అటు పోతే తప్ప ఆ మూలకు వెళ్లేవారు కాదు. తీసుకొమ్మన్నాను. ఇచ్చేవాడి స్థానంలో ఉండటం నాకు చాలా రోజుల తర్వాత దొరికింది, బాగుండింది.

పోతూ పోతూ ఆమె అంది, "మా తాత మీ గడి ముచ్చట చెప్తుండె సార్."

"ఏమని?"

"గుర్రాలు మంచిగుండేటియట."

అంతకు మించి నేను అడగలేదు.

మొదటి వారం ఆమె పిల్లలు రాళ్లు ఏరారు. రెండో వారం ఆట మొదలైంది. నా వరుస దగ్గర నిలబడి నేను అటు చూడకూడదనుకున్నాను. కానీ అటు నుంచి వచ్చే చప్పుడు వేరుగా ఉంది. పది మంది పిల్లలూ ఒకేసారి అరుస్తున్నారు, నవ్వుతున్నారు. కొందరు వాళ్ల తండా భాషలో తిట్టుకుంటున్నారు కూడా. ఒక చతురస్రం గీసుకుని, ఎనిమిది మంది తలా ఒక బంతితో దాంట్లో తిరుగుతున్నారు. బంతి లేని ఇద్దరు దొంగల్లా తరుముతున్నారు. బంతి పోగొట్టుకున్నవాడు మరుక్షణం దొంగ. ఆమె గీత బయట నిలబడి ఉంది. చేతిలో ఈల లేదు. నోరు తెరవడం లేదు.

ఈమె నేర్పేదేముంది, పిల్లల్ని తోలి చూస్తూ నిలబడింది అనుకున్నాను. నా వైపు ఒక్కడు కోన్‌ల మధ్య పోతున్నాడు, పదమూడు మంది నిలబడి ఉన్నారు. ఆ పదమూడు మందిలో ఎవరూ కోన్‌ల వైపు చూడటం లేదు.

"గటు ఏంది సూస్తున్నరు? ఆట ఈడ!" అని ఈల ఊదాను. అందరూ చేతులు కట్టుకుని నా వైపు తిరిగారు. వాళ్ల కళ్లు మాత్రం వెంటనే తిరగలేదు.

వర్షాకాలం దాటేసరికి నా పద్నాలుగు మందిలో ఆరుగురు ఆ మూలకు పోయారు. ఎవరూ నాతో చెప్పలేదు. ఒక వారం ఒకడు, పై వారం ఇద్దరు. నీళ్లు తాగి వస్తామని వెళ్లి అక్కడే ఉండిపోయేవారు. అందులో ఒకడు నేను నాలుగేళ్లు చేతబట్టి నేర్పినవాడు, కోన్‌ల మధ్య ఒక్క తప్పు లేకుండా తిరిగేవాడు. అక్కడికి పోయిన మొదటి రోజు, ఎదురుగా కోన్‌కు బదులు ఒక ఆడపిల్ల నిలబడేసరికి వాడు బంతి పోగొట్టుకున్నాడు. మళ్లీ పోగొట్టుకున్నాడు. నాకు సంతోషం కలిగింది. ఇది రాయకుండా వదిలేయగలను, కానీ కలిగిన మాట నిజం. నెల తిరిగేసరికి వాడు ఆ పిల్లను కుడి వైపు పోతున్నట్టు భ్రమపెట్టి ఎడమ వైపు దాటాడు. ఆ ఉపాయం నేను నేర్పింది కాదు. ఆమె నేర్పగా కూడా నేను చూడలేదు. వాడికి వాడే కనుక్కున్నాడు.

ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. మా తాతకు పొలాలు పోయినప్పుడు ఎలా ఉండిందో నాకు తెలియదు. నా పిల్లవాడు ఇంకొకరి మూలలో నవ్వుతూ ఉంటే నాకు ఎలా ఉండిందో మాత్రం తెలుసు.

ఒక ఆదివారం ఆట అయ్యాక ఆమె ఒక కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"సార్, ఒక సాయం. నేను ఆటను ఎన్నిసార్లు ఆపుతున్ననో లెక్క పెడ్తరా? ఎవలిది వాళ్లకు తెల్వదు."

"ఎందుకు?"

"ఎక్కువసార్లు ఆపితే పిల్లలు నేర్సుకోరు సార్. నా మాట ఇంటరు, బంతిని మర్సిపోతరు."

ఆ కాగితం ఆమె ఆ రోజు పాఠం ప్రణాళిక. తప్పు పట్టుకోవడానికని తీసుకుని చదివాను. గంట ఆటను నాలుగు ముక్కలుగా రాసుకుంది. మొదటి పది నిమిషాలు దొంగల ఆట, అందరి కాళ్ల దగ్గరా బంతి. తర్వాతి పావుగంట ఒకరికి ఒకరు ఎదురు. పదిహేను అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు చోటు. అడుగంటే పెద్దవాళ్లు చాచి వేసే అడుగు. బంతి ఉన్నవాడు ఎదుటివాణ్ని దాటి అవతలి గీత మీదుగా బంతిని నడిపించుకుపోవాలి. ఎదుటివాడు లాక్కుంటే వాడు ఇవతలి గీత దాటాలి. అర నిమిషం ఆట, అర నిమిషం విశ్రాంతి, ప్రతిసారీ జోడీ మార్పు. ఆ పై పావుగంట ముగ్గురికి ముగ్గురు. ఒక్కో చివర రెండేసి చిన్న గోల్‌లు. ఒకటి మూసుకుపోతే బంతిని తిప్పుకుని రెండో దానికి పోవాలి. చివరి ఇరవై నిమిషాలు నలుగురికి నలుగురు, మామూలు ఆట. మిగిలిన పిల్లలుంటే వాళ్లు పక్కన ఇద్దరికి ఇద్దరు.

అడుగున ఇలా రాసి ఉంది: 'ఒక్కో ముక్కలో ఒక్కసారే ఆపాలి. అర నిమిషం దాటొద్దు. అనుకున్నది జరగకపోతే మాట్లాడొద్దు. చోటు మార్చాలి, లేకపోతే నియమం మార్చాలి.'

పై ఆదివారం గీత పక్కన నిలబడి లెక్క పెట్టాను. పది దాటితే బాగుండునని నాలో కోరిక. ఒకరికి ఒకరి ఆటలో ఒకసారి ఆపింది. "గామె ముందల ఉరికొస్తుంటే నువ్వెటు పోవాల్నో ఆలోచించు" అని ఒక్క ప్రశ్న లాంటిది అడిగి తప్పుకుంది. జవాబు కూడా వినలేదు, ఆటలో చూస్తానన్నట్టు చేయి ఊపింది. ముగ్గురి ఆటలో పిల్లలు బంతిని నడపకుండా తొందరగా పక్కవాళ్లకు ఇచ్చేస్తున్నారు. నేనైతే ఈల ఊది రెండు నిమిషాలు చెప్పేవాణ్ని. ఆమె చిన్న గోల్‌లు పీకేసి, "ఇప్పటి సంది బంతిని నడిపించుకుంట గీత దాటితేనే గోలు" అంది. అంతే. పిల్లలందరూ ఎదుటివాళ్ల మీదికి బంతితో పోవడం మొదలుపెట్టారు. ఎవరికైనా విడిగా చెప్పాలంటే, బయటికి పోయిన బంతిని తెచ్చుకోవడానికి వచ్చినప్పుడు ఒక మాట చెవిలో వేసి పంపేది. మిగతావాళ్ల ఆట ఆగేది కాదు.

చివరి ఆటలో ఇంకోసారి ఆపింది. మొత్తం మూడు.

"మూడు" అన్నాను.

"రెండే అనుకున్న సార్. నియమం మార్సింది మరిసిన" అని తన మీద తానే నవ్వుకుంది.

"నాది గూడ లెక్క పెట్టు" అన్నాను. ఎందుకన్నానో తెలియదు. కాగితం నా జేబులో ఉంది. అదే పాఠం నా గ్రౌండులో, నా పిల్లలతో, ఆమె కంటే బాగా చేసి చూపించాలనిపించింది.

పైవారం చేశాను. ఎనిమిది మంది మిగిలారు, నలుగురికి నలుగురు సరిపోయారు. ఈల ఇంట్లో పెట్టి వచ్చాను. కానీ ఒక్కటి నా వల్ల కాలేదు. గ్రౌండును చిన్నది చేయలేకపోయాను. నా ముందు రెండెకరాలుంటే, ఒక మూలకు కుంచించుకుని నాలుగు కోన్‌లు పెట్టడానికి చేతులు రాలేదు. పూర్తి గ్రౌండు, అటు ఒక దూలాల గోలు, ఇటు ఒక దూలాల గోలు, మధ్యలో ఎనిమిది మంది పిల్లలు. ఐదు నిమిషాల్లో అందరికీ ఆయాసం వచ్చింది. అందులో బాగా ఉరికేవాడొకడు ఉన్నాడు. వాడు బంతిని ముందుకు గట్టిగా తన్ని దాని వెంట పరుగు తీశాడు. ఎదురుగా ఎవరూ లేరు, దాటడానికి మనిషి లేడు. డ్రిబ్లింగ్ అవసరమే రాలేదు.

ఈల లేకపోయినా నోరుంది కదా. "కుడి కాలు!" అన్నాను. ఎనిమిది మందీ ఆగిపోయారు. చేతులు వెనక్కి కట్టుకుని నా వైపు తిరిగారు. "ఆపకుండ్రి, ఆడుండ్రి" అన్నాను. ఆడారు. "శభాష్" అన్నాను. మళ్లీ ఆగారు, చేతులు కట్టుకున్నారు. పెద్దమనిషి మాట్లాడితే ఆగాలని వాళ్లకు ఏళ్ల తరబడి నేర్పింది నేనే. అది మర్యాద అనుకున్నాను. మా కచేరీ పద్ధతి అదే. నేను మెచ్చుకున్నా ఆట ఆగిపోతోంది.

చివర ఆమె దగ్గరికి పోయి అడిగాను. "ఎన్ని?"

ఆమె కాలి బూటు చూసుకుంది. "ఇర్వై దాటినంక లెక్క తప్పిన సార్."

పక్కన నీళ్లు తాగుతున్న ఆమె బడి పిల్ల ఒకతె, "అక్కా, నేను లెక్క పెట్టిన. నలభై మూడు" అంది. ఆమె ఆ పిల్ల నెత్తి మీద చిన్నగా ఒకటి తట్టింది.

పిల్లలు ఆమెను అక్క అని పిలుస్తారు. నన్ను వాళ్లెవరూ ఎప్పుడూ అన్నా అనలేదు, తాతా అనలేదు. సార్ అనే అంటారు. అదే సరైనదని ఆ రోజు దాకా అనుకున్నాను.

తర్వాతి వేసవిలో తమ్ముడు ఫోన్ చేశాడు. ఈసారి గొంతు వేరుగా ఉంది. కొడుకు పెద్ద దుకాణం పెట్టుకుంటానంటున్నాడట. బయలు కొనేవాళ్లు దొరికారట.

"పిల్లల ముచ్చట చెప్పకు అన్నా. నేనే వచ్చి సూస్త. పిల్లలకు నిజంగ అంత జాగ గావాల్నంటే నేను మల్ల అడుగ. నీ మీద ఒట్టు."

"రా. ఆదివారం పొద్దుగాల రా."

ఫోన్ పెట్టేశాక లెక్క వేశాను. నా ఎనిమిది మంది పిల్లలతో రెండెకరాలు నిండవు. ఆమె పిల్లలు, నా దగ్గరి నుంచి పోయినవాళ్లు కలిసి అక్కడ పదహారు మంది. అందరూ కలిస్తే ఇరవై నాలుగు. ఆ ఇరవై నాలుగు మందీ పూర్తి గ్రౌండులో కనిపిస్తే తమ్ముడు ఒప్పుకుంటాడు.

శనివారం సాయంత్రం ఆమె బడి దగ్గరికి పోయాను. "రేపు రెండు జట్లను కలిపి నువ్వే పాఠం చెప్పు. గ్రౌండంత వాడుకో" అన్నాను.

ఆమె ముఖం వెలిగింది. "అందర్నా సార్? మంచిది. కానీ అంత పెద్దగ వద్దు సార్. జాగ పెద్దగైతే ఉరుకుడే అయితది, డ్రిబ్లింగ్ రాదు. అప్పటి మీ ఆట సూసిన్రు గద."

ఎందుకు కావాలో అప్పుడు చెప్పవలసింది. నా నేల పోతుంది, నాకు సాయం చెయ్యి అనవలసింది. ఆమె కాదనేది కాదు. కానీ ఒక మూల అడగడానికి నా గుమ్మం ముందు నిలబడిన మనిషి ముందు, నేనొక సాయం అడుగుతూ నిలబడటం నా వల్ల కాలేదు. "సరే, నీ ఇష్టం" అని వచ్చేశాను.

ఆదివారం తెల్లవారగానే, ఎవరూ రాకముందే బయలుకు పోయాను. ఆమె కోన్‌లు ఉండే గోనెసంచి గ్రౌండు పక్క నా సామాన్ల గదిలోనే ఉంటుంది. తీసుకుని గ్రౌండంతా నడిచి నాలుగు పెద్ద పెద్ద చతురస్రాలు పెట్టాను. ఒక్కొక్కటి గ్రౌండులో పావు వంతు. రోడ్డు నుంచి రైలుకట్ట దాకా ఎక్కడా ఖాళీ కనిపించకుండా పరిచాను. ముత్తాత తన ఊళ్ల హద్దురాళ్లు వేయించినప్పుడు ఇంత శ్రద్ధగా వేయించాడో లేదో.

తమ్ముడు ఆరింటికి కారు దిగాడు. కొనేవాళ్లను తీసుకురాలేదు, ఆ మర్యాద పాటించాడు. గోలు స్తంభాల దగ్గర నిలబడి చుట్టూ చూశాడు.

"అబ్బో. అంత నిండింది గదనే."

"చెప్పిన గద" అన్నాను.

అప్పుడే పిల్లలు వచ్చారు. ఆమె ఇంకా సైకిలు స్టాండు వేస్తోంది. నా చతురస్రాలు చూసి ఆమె ఒక్క క్షణం ఆగింది, నా వైపు చూసింది. నేను తల తిప్పుకున్నాను. ఆమె పిల్లలతో ఒక్క మాట కూడా అనలేదు. అనవలసిన అవసరం రాలేదు. మొదట నా వరుసలోంచి పోయినవాడే చూశాడు.

"గివేంది అక్కా, గింత దూరం పెట్టిన్రు? గిట్లయితే డ్రిబ్లింగ్ యాడ రావాలె?"

"ఎవడో తెల్వనోడు పెట్టిండు" అంది నలభై మూడు లెక్కపెట్టిన పిల్ల. "పట్టు, గుంజు!"

తలా రెండు కోన్‌లు పట్టుకుని పరుగెత్తారు. ఆమె పిల్లలు, మొన్న మొన్నటి దాకా నా దగ్గరున్నవాళ్లు, చివరికి నా ఎనిమిది మందీ. ఒక పిల్ల అడుగులు లెక్కపెడుతోంది. వాళ్లవి చిన్న కాళ్లు కదా, ఒక్కో అడుగుకు ఎగిరి దూకుతోంది. ఒక వైపు పదిహేను, ఇంకో వైపు ఇరవై, అలాంటి నాలుగు చిన్న బరులు. మధ్యలో ఆడనివాళ్లు నడవడానికి మూడు అడుగుల దారి వదిలారు. రెండు నిమిషాల్లో నా హద్దులన్నీ రైలుకట్ట మూలకు చేరాయి. మిగతా బయలంతా ఖాళీగా, ఎండ పడుతూ, అలాగే ఉండిపోయింది.

తమ్ముడు నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. ఇద్దరం చూశాం.

మొదట ఒక్కో బరిలో దొంగల ఆట. ఆ తర్వాత పన్నెండు జోడీలు. ఒక్కో బరిని రెండు గీతలతో చీల్చి మూడేసి జోడీలు ఆడుతున్నాయి. చోటు పూర్తిగా సరిపోలేదు, కాస్త ఇరుకైంది. ఇరుకవడంతో బంతి కాలికి ఇంకా దగ్గరైంది. తర్వాత నాలుగు బరుల్లో ముగ్గురికి ముగ్గురు. లెక్క సరిగ్గా సరిపోయింది. ఇరవై నాలుగు మందిలో ఒక్కరు కూడా చేతులు కట్టుకుని నిలబడి లేరు. నా ఎనిమిది మందిలో ఒకడు, నా దగ్గర ఎప్పుడూ వరుస చివర నిలబడేవాడు, ఇద్దరి మధ్యలోంచి బంతిని లాక్కుపోయి గీత దాటాడు. దాటి, నా వైపు చూడలేదు. ఆట మళ్లీ మొదలైంది, అందులో పడిపోయాడు. నాకు శభాష్ అనాలనిపించింది. నోటి దాకా వచ్చింది. అంటే వాడు ఆగిపోతాడు. మింగేశాను. నా జీవితంలో పిల్లలకు నేను చేసిన ఒకే ఒక్క సరైన కోచింగు అదేనేమో.

ఆమె ఆ గంటలో రెండుసార్లు ఆపింది. నేను అడగకపోయినా లెక్కపెట్టాను.

"అన్నా" అన్నాడు తమ్ముడు చివరికి. "నాకు ఆట తెల్వదు. గానీ గా పిల్లలకు తెలుసు గద, యెంత జాగ గావాల్నో."

నేను నిటారుగా నిలబడే ఉన్నాను.

"ఇర్వై గుంటలు గాడనే ఉండనీ" అన్నాడు వాడే. "గది పిల్లలకే. నేనేమన్న పిల్లల నోట్ల మన్ను గొట్టెటోన్నా?"

"నువ్వు నీ బిడ్డ పెండ్లికి గూడ గింత చెయ్యి ఇప్పలే" అన్నాను. వాడు నవ్వాడు. చాలా ఏళ్ల తర్వాత మేమిద్దరం కలిసి నవ్వింది అప్పుడే. నాది సగం నవ్వే.

ఆట అయ్యాక ఆమె నా దగ్గరికి వచ్చింది. కోన్‌ల సంగతి ఎత్తలేదు. "సార్, ఎన్నిసార్లు ఆపిన?" అని మాత్రం అడిగింది.

"రెండు."

"మీరు ఇయ్యాల ఒక్కసారి గూడ మాట్లాడలే సార్."

అందులో వ్యంగ్యం ఉందేమోనని ఆమె ముఖం వెతికాను. లేదు. ఉండి ఉంటే నాకు తేలికగా ఉండేది. ఒక మనిషి మీద ఈర్ష్య పడాలంటే ఆ మనిషిలో ఏదో ఒక తప్పు దొరకాలి, ఆమె నాకు ఆ సాయం కూడా చేయలేదు. ఇప్పటికీ ఆదివారాలు ఆ మూల నుంచి నవ్వులు వినిపిస్తే నా కడుపులో అదే మంట. పోలేదు. పోతుందని కూడా నేను అనుకోను. నా ఎనిమిది మంది ఇప్పుడు అటే ఆడుతున్నారు. ఆమె రెండో శనివారం తండాకు పోయినప్పుడు మాత్రం పాఠం నా చేతికి వస్తుంది. ఆమె రాసిన కాగితం జేబులో పెట్టుకుని, పిల్లలు పెట్టిన కోన్‌ల పక్కన, నోరు మూసుకుని నిలబడతాను.

వానలు పడకముందే గుర్రాల బయలులో రోడ్డు వైపు ఎకరన్నర అమ్మేశాం. నాలుగు దూలాల గోలు స్తంభాలూ అమ్మిన భాగంలోనే ఉన్నాయి.